402లో రాత్రిపూట గ్రైండర్ సప్పుడు గురించి మనవి, హిందీ తర్జుమాతో

హన్మకొండ, నయీంనగర్
18 జనవరి 2025

అపార్ట్‌మెంట్ మేనేజర్ గారికి,

నమస్కారం. మేము 302లో ఉంటాం. మా పైన 402లో రాత్రి పొద్దుపోయినంక గ్రైండర్ నడుస్తున్నది. దాని సప్పుడుకు కింద నిద్ర పట్టడం లేదు. ఈ విషయం మీ ద్వారా నెమ్మదిగా తేలాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. మీకు హిందీ సులువు కాబట్టి 204 సార్ చేసిన తర్జుమా కూడా దీనికే జతపరిచాం.

402 అన్న, అక్క పొద్దున టిఫిన్ బండి, సాయంత్రం మిర్చి బజ్జీల బండి నడుపుకుంటరు. బండి సర్దుకొని ఇల్లు చేరేసరికి పది దాటుతది. ఆ తర్వాతే పిండి రుబ్బుడు మొదలు. వాళ్లకు వేరే వేళ దొరకకనే ఇట్లా అవుతున్నదని మాకు తెలుసు. వాళ్ల పని ఆగాలని మేము కోరడం లేదు.

ఈ నెల 6న రాత్రి 11:40 నుంచి 1:25 వరకు, 8న 11:55 నుంచి 1:40 వరకు, 10న 12:05 నుంచి 2:10 వరకు గ్రైండర్ నడిచింది. పండుగ మూడు రోజులు లేదు. మళ్లీ 16న 11:35 నుంచి 1:20 వరకు నడిచింది. మొదట మినపపప్పు, తర్వాత రెండు వాయిల బియ్యం. వాయికీ వాయికీ నడుమ ఐదు పది నిమిషాలు ఆగుతది. అప్పుడే కన్ను మూతపడుతది, మళ్లీ మొదలైతది. ఒకే తీరుగ సాగే సప్పుడుకంటే ఇట్లా ఆగి ఆగి వచ్చేదే నిద్రను ఎక్కువ చెడగొడుతున్నది. ఇంట్లో 74 ఏళ్ల మా మామయ్య బీపీ మందు వేసుకొని తొమ్మిదిన్నరకే పడుకుంటరు. మా బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం, పొద్దున ఐదింటికి లేచి చదువుకోవాలి.

ఇది కిటికీలోంచి వచ్చే సప్పుడు కాదు. తలుపులు, కిటికీలు మూసినా తేడా లేదు. మంచం పక్క గోడకు అరచెయ్యి ఆనిస్తే అదురు తెలుస్తది. 9న సాయంత్రం మేము పైకి పోయి మాట్లాడినప్పుడు అక్క మంచిగనే మాట్లాడి, మిషన్ కూడా చూపించింది. అది పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్. వంటింట్లో జాగ లేక వెనుక గది మూలకు, గోడకు ఆనించి పెట్టిండ్రు. సరిగ్గా మా పడకగది మీద. నాలుగు కాళ్లకు ఉండాల్సిన రబ్బరు బుష్‌లల్లో రెండు లేవు, ఇంకొకటి అరిగి పలచబడ్డది. అంటే ఇనుప కాళ్లు నేరుగా టైల్స్ మీద ఆడుతున్నయి. మోటార్ అదురు స్లాబులోకి, ఆనుకున్న గోడ నుంచి కిందికి దిగుతున్నది. సప్పుడు ఇంత కావడానికి మాకు అర్థమైన కారణం ఇదే. మరుసటి రోజు రాత్రి కిందికి ఒక బొంత పరిచిండ్రు. పాపం మా కోసమే. కానీ అంత బరువు కింద బొంత అణిగిపోతది, మిషన్ వంకరై ఇంకా ఊగుతది. 10న అదే జరిగింది.

నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు సప్పుడు 45 డెసిబెల్స్ దాటొద్దని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెప్తయి. మా గదిలో ఫోన్ యాప్‌లో చూస్తే గ్రైండర్ ఆగినప్పుడు 36, నడిచినప్పుడు 50 నుంచి 53 చూపించింది. ఫోన్ లెక్క పక్కా కొలత కాదు, రుజువుగా ఇవ్వడం లేదు. ఆగినప్పటికీ నడిచినప్పటికీ ఎంత తేడా ఉన్నదో మీకు తెలియాలని రాసినం.

మీరు చేయించగలిగినవి ఇవి. అన్నిటికంటే ముందు ఆ బుష్‌లు. గ్రైండర్ రిపేర్ చేసే దుకాణంలో దొరుకుతయి, మోడల్ చూపించి నాలుగూ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే ఎత్తు తేడా వచ్చి మళ్లీ ఊగుతది. వాటి కింద పది, పన్నెండు మిల్లీమీటర్ల మందం గట్టి రబ్బరు షీటు ముక్కలు, కాలుకు ఒకటి చొప్పున, అరచెయ్యంత వెడల్పు. స్పాంజి, థర్మకోల్ వద్దు. మిషన్‌కూ గోడకూ నడుమ నాలుగు వేళ్ల సందు ఉండాలి. బెల్టు వదులైతే కీచుమంటది, అది కూడా మెకానిక్‌ను చూడమనండి. ఖర్చులో సగం మేము పెట్టుకుంటం.

వేళ సంగతి. ఈ చలిలో పిండి పులవడానికి ఎంత ముందు రుబ్బితే అంత మంచిదని అక్కనే చెప్పింది. పొద్దున బండి పదిన్నరకు మూసి, సాయంత్రం బండికి నాలుగింటికి పోతరు. మధ్యాహ్నం మూడింటికల్లా రుబ్బి పెట్టుకుంటే మరుసటి పొద్దుటికి చక్కగా పొంగుతది. ఎండాకాలం అట్లా కుదరదు, పులిసిపోతది. అప్పుడు మధ్యాహ్నం రుబ్బింది ఫ్రిజ్‌లో పెట్టి రాత్రి పడుకునే ముందు బయట పెట్టాల్సి వస్తది. వాళ్ల ఫ్రిజ్ చిన్నది. మా ఫ్రిజ్‌లో ఒక అర వాళ్లకు ఇస్తమని చెప్పండి.

ఇది కుదరకపోతే కింద వాచ్‌మన్ గది పక్కనున్న ఖాళీ జాగలో గ్రైండర్ పెట్టుకోనివ్వండి. అక్కడ కామన్ మీటర్ కరెంటు ఉన్నది కాబట్టి సబ్‌మీటర్ వేయించి, ఆ యూనిట్ల పైసలు వాళ్ల మెయింటెనెన్స్‌లో కలిపితే ఎవరికీ మాట రాదు. కానీ వాచ్‌మన్ పిల్లలు కూడా పడుకుంటరు. అక్కడైనా రాత్రి పది లోపే.

ఒక్క మాట దయచేసి పాటించండి. దీన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, నోటీసు బోర్డు మీద అతికించకండి, జరిమానా మాట ఎత్తకండి. వాళ్లు కిరాయికి ఉంటున్నరు, ఓనర్ చెవిన వేరే తీరుగ పడితే ఇల్లు ఖాళీ చేయమంటరు. పొద్దున పదకొండు తర్వాత ఇద్దరూ ఇంట్లో ఉంటరు, అప్పుడు మీరే పోయి మాట్లాడండి. వచ్చే ఆదివారం, 26 లోపు బుష్‌లు మార్పిస్తే చాలు, వేళ మార్చుకోవడానికి నెలాఖరు దాకా చూస్తం.

ఇట్లు,
302 నివాసులు

302 చెల్లెకు, 204 నుంచి. తర్జుమా చేసిన. మొత్తం పొడుగు లేకుండా, మేనేజర్ చెయ్యాల్సిన పని వరకే. మేనేజర్‌కు తెలుగు లిపి రాదు కాబట్టి మీరే చదివి వినిపించేటందుకు మన అక్షరాలల్లనే రాసిన. ‘మనవి’కి ‘శికాయత్’ పెట్టలేదు, అది ఫిర్యాదు అయితది. ‘గుజారిష్’ పెట్టిన. ‘సప్పుడు’కు ‘షోర్’ అంటే వాళ్లు లొల్లి చేస్తున్నట్టు వినపడతది, అందుకే ‘ఆవాజ్’. ‘వాయి’కి హిందీల సరైన మాట లేదు, ‘తీన్ బార్’ అన్న. రాత్రి పన్నెండు తర్వాత తారీఖు మారుతది కదా, అక్కడ ‘6 కీ రాత్’ అని విడిగా చెప్పండి, లేకుంటే 7 అనుకుంటడు.

మేనేజర్ సాబ్, నమస్తే. 402 మే రాత్ కో గ్రైండర్ చల్‌తా హై, ఉస్‌కీ ఆవాజ్ సే నీచే 302 మే నీంద్ నహీ ఆతీ. జనవరీ మే 6, 8, 10 ఔర్ 16 కీ రాత్ కో గ్రైండర్ తీన్ తీన్ బార్ చలా, ఏక్ దో బజే తక్. మషీన్ కే పైరోఁ కే దో రబర్ నహీ హైఁ, ఏక్ ఘిస్ గయా హై ఔర్ మషీన్ దీవార్ సే లగీ హై. గుజారిష్ హై కి 26 తారీఖ్ తక్ చారోఁ రబర్ బదల్‌వా దీజియే, ఆధా ఖర్చ్ హమ్ దేంగే. రాత్ దస్ బజే సే సుబహ్ ఛే బజే తక్ గ్రైండర్ బంద్ రహే, దోపహర్ మే చలే తో హమే కోయీ దిక్కత్ నహీ. జుర్మానా మత్ లగాయియే, గ్రూప్ మే మత్ డాలియే. సుబహ్ గ్యారహ్ బజే కే బాద్ ఆప్ ఖుద్ జాకర్ బాత్ కీజియే.