రెండో అర్జీ

నేను పెట్టిన మడతలతోనే అర్జీ తిరిగొచ్చింది. పైన ఎడమ మూలన ఎర్ర సిరాతో ‘వివరములు లేవు’ అని రెండే మాటలు. కరెంటాఫీసు గుమాస్తా ఫైళ్ళ అడుగునుంచి దాన్ని లాగి నా చేతిలో పెట్టి, మళ్ళీ తన పనిలో పడ్డాడు.

రెండు పేజీలు రాశాను. రాత్రి కొట్టు కట్టేశాక కూర్చుని, మూడు కాగితాలు చించి, నాలుగోదాని మీద కుదురుగా రాసిన అర్జీ అది. నా జీవితంలో అంత పొడుగు ఉత్తరం ఎవరికీ రాయలేదు. కరెంటు బిల్లు 11,870 రూపాయలొస్తే, నెలకి పదిహేను వందలు అటూ ఇటూగా బిల్లు కట్టే కిరాణా కొట్టు వాడికి గుండె ఎలా ఉంటుందో అదంతా అందులో పెట్టాను. "అయ్యా, నేను 1993 నుంచీ ఒక్క బిల్లూ గడువు దాటించని మనిషిని" అని మొదలెట్టి, మా నాన్న బడ్డీకొట్టు దగ్గర్నుంచి నడిపించి, "మీ మీటరు కుర్రాడు కళ్ళు మూసుకుని నెంబరు వేసి పోయాడు, పేదవాడి కడుపు మీద కొట్టడం న్యాయమా" అన్నదాకా వచ్చి, "నాకు న్యాయం చేయగలరు" అని ముగించాను. మా ఆవిడ వరలక్ష్మి చదివి కళ్ళు తుడుచుకుంది. ఆ ధీమాతోనే బుధవారం వెళ్ళి ఇచ్చొచ్చాను.

సోమవారానికి ఇదీ సంగతి.

గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో తెలియలేదు. లోపలి గదిలోంచి అసిస్టెంట్ ఇంజనీరు మేడం చూసినట్టున్నారు. ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు ఆమెకి, మా పెద్దమ్మాయి ఈడు.

"ఎవరండీ? బాబాయ్ గారూ, లోపలికి రండి. కూర్చోండి."

కూర్చున్నాను. ఆమె చెయ్యి చాపి కాగితం తీసుకుని, రెండు పేజీలూ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివారు. మధ్యలో ఫోను మోగితే కట్టేశారు. ఆ ఒక్క పనికి నాలో సగం కోపం దిగిపోయింది. మనం రాసింది ఎదుటి మనిషి పూర్తిగా చదవడమంటే మాటలు కాదు.

"బాబాయ్ గారూ, మీరు రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ ఇది పట్టుకుని నేను చెయ్యగలిగిన పని ఒక్కటీ కనబడట్లేదు" అన్నారు నెమ్మదిగా. "ఈ కాగితం చూసి మీ సర్వీసు ఏదో నేను వెతకలేను. నెంబరు లేదు. ఏ నెల బిల్లో లేదు. బిల్లు కాపీ జత చెయ్యలేదు. ఎంత కాలాల్సింది, ఎంత కాలినట్టు పడిందో లేదు. చివరికి మీకేం కావాలో కూడా లేదు."

"న్యాయం చెయ్యమన్నాను కదమ్మా."

"అన్నారు. అది ఎలా చెయ్యమంటారు? బిల్లు సవరించమంటారా, మీటరు పరీక్ష చేయించమంటారా, వాయిదాల్లో కట్టుకోనివ్వమంటారా? మూడూ మూడు వేర్వేరు పనులు. ఏదడిగారో కాగితం మీద ఉంటేనే నేను కింద సంతకం పెట్టి పంపగలను."

నా నోట మాట రాలేదు. కొట్లోకి పిల్లలు చీటీ పట్టుకొస్తారు. ‘సబ్బు, పప్పు, నూనె’ అని ఉంటుంది. ఏ సబ్బురా, ఒళ్ళు రుద్దుకునేదా, బట్టలుతికేదా? కందిపప్పా, పెసరపప్పా? ఎంత? వెళ్ళి మీ అమ్మనడిగి రా అని తిప్పి పంపుతాను. ఈ పని ముప్పయ్యొక్క ఏళ్ళుగా చేస్తున్నాను. అలాంటి చీటీయే తీసుకొచ్చి నేను ఆమె బల్ల మీద పెట్టాను.

ఆమె పాత క్యాలెండరు కాగితం ఒకటి తీసి, వెనక తెల్లగా ఉన్నవైపు పెన్నుతో వరసగా రాశారు. సర్వీసు నెంబరు. బిల్లు తేదీ. బిల్లులో పాత రీడింగు, కొత్త రీడింగు. అంతకు ముందు రెండు మూడు నెలల యూనిట్లు. ఏం కోరుతున్నారు. రాస్తూ రాస్తూ ఆగారు.

"ఇవాళ మీ మీటరు ఎంత చూపిస్తోంది?"

"చూళ్ళేదమ్మా."

"ఇంటికెళ్ళగానే చూడండి. గాజు మీద దుమ్ముంటే తుడిచి, టార్చి వేసి చూడండి. ఆ అంకె తప్పకుండా రాయండి. మీటరు ముందుకే గాని వెనక్కి తిరగదు కదా."

లేవబోతుంటే మళ్ళీ పిలిచారు. "1993 నుంచి గడువు దాటలేదన్నారే, ఆ ముక్క తీసెయ్యకండి. అది పనికొస్తుంది. చివర్లో ఒక్క వాక్యంగా పెట్టండి."

మీటరు మా కొట్టు షట్టరు పక్కన, తల పైకెత్తితే గాని కనబడని ఎత్తులో ఉంటుంది. వరలక్ష్మి స్టూలు పట్టుకుంది, నేనెక్కి టార్చి వేశాను. 19,281.

కాళ్ళలో సత్తువ పోయింది. బిల్లులో కొత్త రీడింగు 19,246. అంటే బిల్లు సరిగ్గానే ఉంది. ఆ కరెంటంతా నేనే కాల్చాను. ఫ్రిజ్జేమైనా పాడైందా, ఎవరైనా వైరు తగిలించుకున్నారా? వారం రోజులుగా ఆ కుర్రాణ్ణి తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి.

"గాజు తుడవమన్నారన్నారుగా" అంది వరలక్ష్మి కిందనుంచి, తడిగుడ్డ అందిస్తూ.

టార్చి పక్కకి వాల్చి చూశాను. గాజు మీద తెల్లగా చిన్న చుక్క, ఆవగింజకి కాస్త పెద్దది. శ్రావణమాసం వస్తోందని ఆగస్టు 2న కొట్టు ముందు గోడకి సున్నం వేయించాం. కుంచె విదిలించినప్పుడు పడ్డట్టుంది. సరిగ్గా రెండో అంకె మీద, ఎడమవైపు కింది గీత ఉండే చోట అతుక్కుని ఎండిపోయింది. గోరుతో గీకి, గుడ్డతో తుడిచాను. తొమ్మిది ఎనిమిదైంది.

18,281.

స్టూలు దిగకుండా మూడుసార్లు చదివాను. వరలక్ష్మిని కూడా ఎక్కించి చదివించాను. అప్పుడు గుర్తొచ్చింది నాకు పుస్తకం సంగతి. మా అరువు పద్దుల పుస్తకం చివరి పేజీలో కొట్టు అద్దె, గ్యాసు బండ తెచ్చిన తేదీ, ఒకటో తారీకు మీటరు రీడింగు రాసుకుంటాను. పెరుగు ప్యాకెట్లకీ కూల్‌డ్రింకులకీ ఫ్రిజ్జు కొన్నప్పుడు, అది ఎంత కరెంటు తాగుతుందో చూద్దామని మొదలెట్టిన అలవాటు. జులై ఒకటిన 18,073. ఆగస్టు ఒకటిన 18,226. సున్నం వెయ్యకముందు, నా చేత్తో రాసిన అంకెలు. తేడా 153. రూపాయి అరువు కూడా తేదీ వేసి రాసుకునే వాణ్ణి, రెండు పేజీల అర్జీలో ఒక్క రీడింగు కూడా రాయలేదు. బాధ చెబితే చాలనుకున్నాను.

ఆ రాత్రి మళ్ళీ కూర్చున్నాను. క్యాలెండరు కాగితం ఎగిరిపోకుండా దాని మీద అరకిలో రాయి పెట్టి, ఒక్కొక్కటీ చూసుకుంటూ రాశాను. కాగితం చించాల్సిన పని పడలేదు. కుర్రాడి మాట దగ్గరకొచ్చేసరికి మాత్రం చాలాసేపు ఆగాను. చుక్క నేను తుడిచేశాను, ఇక ఎవరికీ కనబడదు. చెప్పకపోతే తప్పు అతని మీదే ఉంటుంది. చెబితే నా సున్నం మీదికొస్తుంది. బిల్లు సవరించకుండా పోతారేమోనని భయం వేసింది కూడా. వరలక్ష్మిని లేపి అడిగాను. "ఉన్నది రాయండి" అని అటు తిరిగి పడుకుంది.

రాశాను.

తేది: 13-08-2024

గౌరవనీయులైన అసిస్టెంట్ ఇంజనీరు గారికి,
కిరాణా వ్యాపారి కోటేశ్వరరావు నమస్కరించి వ్రాయు విన్నపము.

విషయం: సర్వీసు నెంబరు 2147, డోరు నెంబరు 4-112, వాణిజ్య కనెక్షను. ఆగస్టు నెల బిల్లులో రీడింగు తప్పు పడినందున సవరణ కోరుట గురించి.

అమ్మా,
పై సర్వీసుకు 5-08-2024న వచ్చిన బిల్లులో పాత రీడింగు 18,094, కొత్త రీడింగు 19,246, వాడకం 1,152 యూనిట్లు, మొత్తం 11,870 రూపాయలు అని ఉన్నది. జూన్ బిల్లులో 171 యూనిట్లు, జులై బిల్లులో 153 యూనిట్లు మాత్రమే వచ్చినవి.

12-08-2024 సాయంత్రం నేను మీటరు చూడగా 18,281 ఉన్నది. ఇది బిల్లులో వేసిన రీడింగు కంటె తక్కువ. 19,246 బదులు 18,246 అని ఉండవలెనని నా మనవి. అప్పుడు వాడకం 152 యూనిట్లు అగును.

తప్పు ఎట్లు జరిగినదో కూడా తెలుపుచున్నాను. మా గోడకు సున్నం వేయించినప్పుడు మీటరు గాజు మీద చుక్క పడి, 8 అంకె 9 వలె కనబడినది. నాకు కూడా అట్లే కనబడినది. చుక్కను నేనే తుడిచినాను. రీడింగు తీసిన వారి తప్పు ఇందులో లేదు. మొదటి అర్జీలో వారిని గురించి వ్రాసిన మాటలు వెనక్కి తీసుకొనుచున్నాను.

కావున సిబ్బందిని పంపి మీటరు చూపించి, బిల్లు సవరించవలెనని, గడువు తేదీ 19-08-2024 కావున సవరణ అగువరకు సరఫరా ఆపకుండ ఉండవలెనని కోరుచున్నాను. 1993 నుండి ఏ బిల్లూ గడువు దాటకుండ చెల్లించియున్నాను.

జతపరచినవి: జూన్, జులై, ఆగస్టు బిల్లుల నకళ్ళు, రీడింగులు వ్రాసుకున్న పుస్తకం పేజీ నకలు.

ఇట్లు,
విధేయుడు,
కోటేశ్వరరావు

పేజీ కూడా నిండలేదు. పొద్దున్నే జిరాక్సులు తీయించి పట్టుకెళ్ళాను. మేడం నిలబడే చదివారు. సున్నం చుక్క దగ్గర తలెత్తి నా వంక చూశారు, మళ్ళీ చదివారు. కింద రెండు లైన్లు రాసి, సంతకం పెట్టి, "రేపే మనిషి వస్తాడు బాబాయ్ గారూ" అన్నారు. అదే గుమాస్తా ముద్ర వేసి రసీదు ఇచ్చాడు.

మర్నాడు లైన్‌మన్ వచ్చి స్టూలెక్కి చూశాడు. 18,291. ఫోనులో ఫొటో తీసుకెళ్ళాడు. శనివారానికి సవరించిన బిల్లొచ్చింది, 1,460 రూపాయలు. గడువుకి రెండు రోజుల ముందే కట్టేశాను.

సెప్టెంబరు 5న మీటరు కుర్రాడొచ్చాడు. నన్ను చూసి కాస్త బెరుగ్గా దూరంగా నిలబడ్డాడు. నా మొదటి అర్జీ సంగతి అతని చెవిన పడే ఉంటుంది. లోపల్నుంచి స్టూలు నేనే తెచ్చి వేశాను. అతను ఎక్కాడు, నేను కిందనుంచి టార్చి పట్టుకున్నాను.

"పద్దెనిమిది వేల మూడొందల తొంభై ఎనిమిది" అని పైకి చదివాడు.

"ఇంకోసారి చెప్పు నాయనా" అన్నాను, పుస్తకం తెరుస్తూ.