పాఠకుల లేఖలు: ఆసుపత్రి గోడ మీద తెలుగు

(లేఖలు 300 పదాలకు మించరాదు)

బోర్డులు మాకూ అర్థం కావాలి

సంపాదకుడు గారికి,

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు నిన్నగాక మొన్న వచ్చినవి కావు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడక ముందు ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. మగ్గాల వీధుల్లోనూ సముద్రం ఒడ్డున జాలరిపేటల్లోనూ ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బజారుకు వెళ్తే అందరూ ఒడియా మాట్లాడతారు. చదవడం దగ్గరే చిక్కు. అరవై దాటినవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, అక్షరాలు వచ్చినవారిలో చాలామందికి తెలుగు అక్షరాలే వచ్చు.

మేము వెళ్లే ప్రభుత్వ ఆసుపత్రిలో బోర్డులన్నీ ఒడియాలో, ఇంగ్లీషులో ఉన్నాయి. చక్కెర జబ్బున్న మా వీధి మామ్మ రక్తపరీక్షకు పరగడుపున వెళ్లి, తెలియక ఎక్స్‌రే వరుసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి అది ఆ కిటికీ కాదన్నారు. అసలు కిటికీ దగ్గరికి పరుగున వెళ్తే రక్తం తీసుకునే వేళ దాటిపోయిందన్నారు. ఏమీ తినకుండా మధ్యాహ్నం దాకా ఉన్న మనిషి కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడింది. గోడ మీద 'రక్తపరీక్ష' అని తెలుగులో రాసి ఉంటే ఆమెకు ఈ కష్టం వచ్చేది కాదు. చిన్నప్పుడు ఐదో తరగతి దాకా చదివింది, ఇప్పటికీ పంచాంగం చదువుతుంది.

భాషా అల్పసంఖ్యాకులు స్థానిక జనాభాలో 15 శాతం, ఆపైన ఉన్నచోట ముఖ్యమైన నియమాలు, నోటీసులు వారి భాషలోనూ ప్రకటించాలని రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ నాటి నుంచీ దేశం ఒప్పుకున్న ఏర్పాటు ఉంది. దాన్ని చూసుకోవడానికి రాజ్యాంగంలో 350బి అధికరణం కింద ఒక ప్రత్యేక అధికారి పదవే ఉంది. అందుకని ఇది మేము ఎవరి దయనో అడగడం కాదు.

ఒడియా అక్షరం ఒక్కటి కూడా తీయమని కోరడం లేదు. దాని కిందే ఓపీ చీటీ, మందులు, రక్తపరీక్ష, ఎక్స్‌రే, ప్రసూతి, అత్యవసర విభాగం అని తెలుగులో రాయించండి. పెయింటరుకు ఒక రోజు పని. ఆసుపత్రిలోని పెద్దలు మనసు పెడితే వచ్చే వారానికే అయిపోతుంది.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు, గంజాం జిల్లా

బోర్డుతో తీరే బాధ కాదు

సంపాదకుడు గారికి,

టీచరుగారి ఉత్తరం చదివాను. నేనూ తెలుగింటివాడినే, చదువంతా ఒడియా మాధ్యమంలో సాగింది. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల కిటికీ వెనక పనిచేస్తాను. ఆవిడ చెప్పిన బాధ నిజం. ఆవిడ చెప్పిన మందు మాత్రం చాలదు.

పంచాంగం చదివే మామ్మలు కొద్దిమందే. నా కిటికీ దగ్గరికి వచ్చే ముసలివాళ్లలో ఎక్కువమందికి ఏ అక్షరమూ రాదు. కుర్రవాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడినా చదివేది ఒడియానే. ఇక కొండల మీంచి దిగివచ్చే సవరలు, కోందులు ఉన్నారు. తెలుగు బోర్డు పెడితే వాళ్లకేం ఒరుగుతుంది?

అసలు ప్రమాదం గోడ దగ్గర లేదు, చేతిలో పెట్టే మాత్రల దగ్గర ఉంది. నిరామయ పథకం వచ్చాక మందులు ఉచితంగా దొరుకుతున్నాయి, చాలా మంచి పని. కానీ పదిరోజులకు సరిపడా కత్తిరించి ఇచ్చేటప్పుడు ఒక్కోసారి పేరున్న ముక్క పక్కవాళ్లకు పోతుంది. బీపీ మాత్ర తెల్లగానే ఉంటుంది, షుగరు మాత్రా తెల్లగానే ఉంటుంది. వరుస కిటికీ నుంచి గేటు దాకా ఉంటుంది. "బాబూ, ఇది పొద్దుటిదా, రేత్రిదా?" అని ఒక అవ్వ అడుగుతుంటే వెనకవాళ్లు కసురుతారు. నేను వేళ్లతో చూపిస్తాను. ఇంటికి వెళ్లాక ఆమెకు ఏం గుర్తుంటుందో అన్న బెంగ నాకు ఇంటికెళ్లినా పోదు.

కాబట్టి నేల మీద రంగుల గీతలు వేయండి, ఎర్రగీత వెంట నడిస్తే రక్తపరీక్ష, పచ్చగీత వెంట నడిస్తే మందులు వచ్చేలా. మందుల కవరు మీద పొద్దుకు సూర్యుడి బొమ్మ, రాత్రికి చంద్రుడి బొమ్మ అచ్చువేయండి. ఓపీ వేళల్లో తెలుగు, సవర, కోందుల కుయి భాష తెలిసిన మనిషిని ఒకరిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టండి. ఖర్చు పెట్టేదేదో వీటి మీద పెట్టండి.

– మందుల కిటికీ ఉద్యోగి, గజపతి జిల్లా

రెండూ కావాలి

సంపాదకుడు గారికి,

మందుల కిటికీ బాబు రాసినది చదివి సంతోషించాను. కత్తిరించిన మాత్రల సంగతి లోపల పనిచేసే మనిషి చెబితేనే బయటకు వస్తుంది. రంగు గీతలు, సూర్యచంద్రుల బొమ్మలు వెంటనే రావాలి. సవర, కుయి మాట్లాడేవాళ్ల కోసం మనిషిని పెట్టాలన్నదీ ముమ్మాటికీ న్యాయం. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. ఆయన తిరిగిన గడ్డ మీద తెలుగువాళ్లం మా ఒక్కరికే అడగడం తగదు.

అయితే బొమ్మ చెప్పలేనివి ఉన్నాయి. పరగడుపున రమ్మనడం, గర్భిణి ఈ మాత్ర వేసుకోకూడదనడం, వచ్చే నెల ఫలానా తేదీన మళ్లీ చూపించుకోమనడం, ఇవి బొమ్మల్లో ఒదగవు. అన్నిటికన్నా ముఖ్యం ఆపరేషనుకు ముందు సంతకం పెట్టించుకునే కాగితం. ఆ కాగితంలో ఏముందో తెలియకుండానే మావాళ్లు వేలిముద్ర వేస్తున్నారు. చేయబోయే చికిత్స ఏమిటో, దాని వల్ల మేలెంతో, ముప్పెంతో, మరో దారి ఉందో లేదో రోగికి తెలిసేలా చెప్పాకే సమ్మతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చదవలేని భాషలో అచ్చువేసిన కాగితాన్ని ఎవరూ విప్పి చెప్పకుండా ముందుకు తోస్తే అది సమ్మతి ఎలా అవుతుంది? అక్షరాలు రానివారికైనా తెలుగు కాగితం చేతిలో ఉంటే ఇంట్లో మనవరాలో, పక్కింటి మనిషో చదివి వినిపిస్తారు. 'కుర్రవాళ్లు తెలుగు చదవరు' అనడం పూర్తిగా నిజమూ కాదు. బడిలో తెలుగు ఉన్నచోట చదువుతున్నారు.

ఖర్చు గురించి ఒక మాట. సర్కారు ఆసుపత్రులకు రోగి కల్యాణ సమితులు ఉన్నాయి, రోగుల సౌకర్యాల కోసమే వాటికి నిధులు వస్తాయి. గోడ రాతలు, నేల గీతలు, కవర్ల అచ్చు, తెలుగు సమ్మతి పత్రం, ఈ నాలుగూ ఒకే వినతిలో రాసి సమితి ముందు పెడుతున్నాం. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం బాధ చెప్పుకొనే అర్జీ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చు. తెలుగులో ఇస్తాం, అధికారుల వీలు కోసం ఒడియా ప్రతి జతచేస్తాం. సంతకం చేయదలచినవారు ఆదివారం సాయంత్రం మా వీధి రామమందిరానికి రండి. కిటికీ బాబు కూడా రావాలి, మాత్రల సంగతి తన నోటితో తనే చెప్పాలి.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు, గంజాం జిల్లా