డి-క్లిప్ అధ్యయనంలో పాల్గొన్నవారికి: మీవల్ల ఏం తెలిసింది?

చెన్నైలో షుగర్ రాకుండా చూడడం మీద జరిగిన డి-క్లిప్ అధ్యయనంలో మీరు పాల్గొన్నారు. దాని ఫలితాలు 2016లో డయాబెటిస్ కేర్ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ఆ పత్రం డాక్టర్ల కోసం ఇంగ్లీషులో రాసింది. తమిళనాట ఉంటూ తెలుగు చదివేవారికి, ఇంట్లో తెలుగులో చదివి వినిపించుకునేవారికి అందులోని సారాన్ని ఇక్కడ మామూలు మాటల్లో రాశాం. మీరు క్లాసుల గ్రూపులో ఉన్నా, మామూలు సలహాల గ్రూపులో ఉన్నా ఇది మీకోసమే.

ముందుగా అసలు సంగతి

మూడేళ్లలో, మామూలు సలహాలు మాత్రమే అందుకున్నవారిలో నూటికి 35 మందికి షుగర్ వచ్చింది. ఆరు నెలలు క్లాసులకు వచ్చి, అవసరమైనప్పుడు మెట్‌ఫార్మిన్ బిళ్ళ కూడా వేసుకున్నవారిలో నూటికి 26 మందికి వచ్చింది. అంటే ఈ పద్ధతి పనిచేసింది. అలాగని అందరినీ కాపాడలేదు. ఈ రెండు మాటలనూ కలిపే గుర్తుపెట్టుకోండి.

ఎందుకు చేశాం

షుగర్ ఒక్క రోజులో వచ్చిపడే జబ్బు కాదు. అంతకు ముందు కొన్నేళ్లపాటు రక్తంలో గ్లూకోజు మామూలుకన్నా ఎక్కువగా, షుగర్ అని పేరు పెట్టేంత కన్నా తక్కువగా ఉంటుంది. దీన్నే ప్రీడయాబెటిస్ అంటారు. పరగడుపున చేసిన పరీక్షలో 100 నుంచి 125 మధ్య ఉండడం ఒక రకం. గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటలకు 140 నుంచి 199 మధ్య ఉండడం ఇంకో రకం. కొందరికి రెండూ ఉంటాయి. మీరు ఈ మూడింటిలో ఏదో ఒక రకంలో ఉన్నారు, బరువు కూడా ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంది. అందుకే మిమ్మల్ని అధ్యయనంలోకి తీసుకున్నాం.

ఈ దశలో తిండి, నడక, బరువు మార్చుకుంటే షుగర్‌ను ఆపవచ్చని అప్పటికే తెలుసు. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 2002లోనే ఆ మాట చెప్పింది. మన చెన్నైలోనే జరిగిన మరో అధ్యయనం 2006లో అచ్చయింది. అందులో జీవనశైలి మార్పు ఒక్కటే అయినా, తక్కువ మోతాదు మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయినా ముప్పు పావు వంతుకు పైగా తగ్గింది, రెండూ కలిపి ఇచ్చినా అంతకంటే పెద్దగా లాభం కనబడలేదు. ఇక మిగిలిన ప్రశ్న ఇది: డాక్టర్ల మార్గదర్శకాలు చెప్పినట్టు ముందు జీవనశైలి, అది చాలకపోతే ఆ తర్వాతే మందు అనే క్రమంలో వెళ్తే, పేటల్లో మామూలుగా బతుకుతున్నవారికి ఎంత మేలు జరుగుతుంది?

ఎలా చేశాం

మొత్తం 578 మంది పాల్గొన్నారు. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలో డాక్టరు గానీ మీరు గానీ ఎంచుకోలేదు. చీట్లు తీసినట్టే అది జరిగింది. ఇలా చేయకపోతే, బాగా ఆసక్తి ఉన్నవారంతా క్లాసుల్లో చేరి ఫలితం బాగా కనిపిస్తుంది, కానీ అది క్లాసుల గొప్పా, వాళ్ల పట్టుదలా అన్నది తేలదు.

మామూలు సలహాల గ్రూపులో ఉన్నవారిలో కొందరికి "మాకేమీ ఇవ్వలేదే, మేమెందుకు వచ్చినట్టు?" అనిపించి ఉండవచ్చు. మీరు లేకపోతే పైన రాసిన 35 అనే అంకె లేదు. ఆ అంకె లేకపోతే 26 అనే అంకెకు అర్థమే లేదు. ఈ ఫలితంలో మీ వంతు వాళ్లతో సమానం.

క్లాసుల గ్రూపువారికి ఆరు నెలల పాఠాలు నడిచాయి. అమెరికా అధ్యయనంలో వాడిన పాఠాలనే మన తిండికి, మన అలవాట్లకు తగ్గట్టు మార్చాం. బరువులో 7 శాతం తగ్గించడం, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లేదా అంతటి శ్రమ చేయడం లక్ష్యాలు. 70 కిలోల మనిషికి 7 శాతం అంటే దాదాపు 5 కిలోలు. నాలుగు నెలలు దాటాక కూడా ముప్పు బాగా ఎక్కువగా ఉన్నవారికి 500 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ రోజుకు రెండుసార్లు ఇచ్చాం.

రెండు గ్రూపులవారికీ ఆరు నెలలకోసారి పరీక్షలు జరిగాయి. గ్లూకోజు నీళ్ల పరీక్ష ఎంత విసుగో మాకు తెలుసు. పొద్దున్నే కాఫీ కూడా లేకుండా రావడం, సూది, ఆపైన 75 గ్రాముల గ్లూకోజు కలిపిన ఆ తియ్యటి నీళ్లను కడుపులో తిప్పుతున్నా గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగడం, రెండు గంటలు అక్కడే కూర్చుని మళ్ళీ సూది. ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళేందుకు పర్మిషన్ అడగాలి, పిల్లల్ని బడికి పంపే పని ఇంకొకరికి అప్పజెప్పాలి. ఒక్క పరగడుపు పరీక్షతో సరిపెట్టి ఉంటే, తిన్న తర్వాత మాత్రమే గ్లూకోజు పెరిగేవారు మా కంటికి కనబడేవారే కాదు. మీరు ఓపిగ్గా కూర్చున్న ఆ రెండు గంటల వల్లే ఈ లెక్కలను నమ్మగలుగుతున్నాం.

ఏం తేలింది

కచ్చితమైన అంకెలు ఇవి: సలహాల గ్రూపులో 34.9 శాతం మందికి, క్లాసుల గ్రూపులో 25.7 శాతం మందికి షుగర్ వచ్చింది. ముప్పు 32 శాతం తగ్గిందని పత్రంలో రాశారు. అక్కడ వాడిన గణాంక పద్ధతి వేరు కాబట్టి, పై రెండు అంకెలతో మీరు ఇంట్లో లెక్క కడితే సరిగ్గా 32 రాదు, అందులో తప్పేమీ లేదు. అసలు తగ్గుదల 7 శాతం నుంచి 50 శాతం దాకా ఎంతైనా ఉండవచ్చని కూడా పత్రం చెబుతోంది. అంటే మేలు జరిగిందన్నది గట్టి మాట, ఎంత జరిగిందన్నది అంత గట్టి మాట కాదు. దాదాపు పదిమంది ఈ పద్ధతి పాటిస్తే, వారిలో ఒకరికి ఆ మూడేళ్లలో షుగర్ రాకుండా ఆగింది.

క్లాసులు మధ్యలో మానేసినవారినీ, మందు సరిగ్గా వేసుకోనివారినీ లెక్కలోంచి తీసేయలేదు. చీటీ ఏ గ్రూపులో వేసిందో ఆ గ్రూపులోనే లెక్కపెట్టాం. నిజజీవితంలో మనుషులు మానేస్తారు, మరిచిపోతారు. అలాంటివారిని కూడా కలుపుకుని వచ్చిన ఫలితం కాబట్టే ఇది మాకు విలువైనది.

యాభై దాటినవారిలో, మగవారిలో, ఊబకాయం ఉన్నవారిలో మేలు ఎక్కువగా కనిపించింది. ప్రీడయాబెటిస్ రకాలను బట్టి చూస్తే, పరగడుపునా, గ్లూకోజు నీళ్ల తర్వాతా రెండుసార్లూ ఎక్కువ ఉన్నవారికి ముప్పు 36 శాతం తగ్గింది. నీళ్ల తర్వాత మాత్రమే ఎక్కువ ఉన్నవారికి 31 శాతం. పరగడుపున మాత్రమే ఎక్కువ ఉన్నవారికి 12 శాతమే. ఈ మూడు రకాల మధ్య తేడా నిజమైనదా, కాకతాళీయమా అన్నది గణాంకాలతో తేలలేదు. అయినా మూడో రకం వారికి వేరే పద్ధతి అవసరం కావచ్చని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. రాత్రంతా కాలేయం గ్లూకోజును ఎక్కువగా విడుదల చేయడం ఈ రకంలో పెద్ద కారణం. నడక ముఖ్యంగా కండరాల మీద పనిచేస్తుంది. మీరు ఈ రకంవారైతే, కష్టపడినా పరగడుపు అంకె కదలలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. నడక మానకండి కూడా. బీపీకి, గుండెకు దాని మేలు ఎటూ ఉంటుంది.

మెట్‌ఫార్మిన్ సంగతి

క్లాసుల గ్రూపులో 72 శాతం మందికి మందు అవసరమైంది. ఈ అంకె చూసి "ఇంత చేసీ బిళ్ళ తప్పలేదా" అని కొందరు బాధపడతారు. మందు మొదలుపెట్టారంటే మీకు షుగర్ వచ్చేసిందని గానీ, మీరు సరిగ్గా చేయలేదని గానీ అర్థం కాదు. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ముందుగానే ఇచ్చాం, అంతే.

మెట్‌ఫార్మిన్ మొదట్లో కొందరికి కడుపుబ్బరం, వికారం, మోషన్స్ తెస్తుంది. తిన్నాక వేసుకుంటే చాలామందికి తగ్గుతుంది. ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు కాబట్టి, ముఖ్యంగా శాకాహారులు డాక్టరుతో ఆ పరీక్ష గురించి మాట్లాడండి. కిడ్నీ సమస్య ఉంటే తప్పకుండా చెప్పండి. ఈ కాగితం చదివి మందు మొదలుపెట్టకండి, వాడుతున్న మందు ఆపకండి.

ఈ అధ్యయనం చెప్పలేనివి

క్లాసులూ మందూ ఒకే గ్రూపుకు ఇచ్చాం కాబట్టి, మేలులో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేం. చూసింది మూడేళ్లే. పదేళ్ల తర్వాత ఏమవుతుందో ఈ అంకెల నుంచి ఊహించకూడదు. బరువు ఎక్కువగా ఉన్న పెద్దవారినే తీసుకున్నాం. సన్నగా ఉండీ ప్రీడయాబెటిస్ ఉన్నవారు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు, వారి గురించి ఇది ఏమీ చెప్పదు.

పైన రాసినవన్నీ గుంపు మొత్తానికి వచ్చిన లెక్కలు. మీ సొంత రక్తం ఏం చెబుతోందో మీ రిపోర్టులోనే ఉంటుంది. పత్రంలో ఎవరి పేరూ లేదు, ఎవరినీ గుర్తుపట్టే వివరమూ లేదు.

ఇక మీరేం చేయాలి

షుగర్ రాకుండా ఉన్నవారు ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి. వీలైతే రెండు గంటల గ్లూకోజు నీళ్ల పరీక్షే అడగండి, కనీసం మూడు నెలల సగటు చూపే హెచ్‌బిఎ1సి అయినా చేయించండి. అధ్యయనం సమయంలో షుగర్ వచ్చినవారికి ఒక మాట: ఆరు నెలలకోసారి పరీక్ష జరిగింది కాబట్టి మీది తొందరగా బయటపడింది. చాలామందికి పాదానికి పుండు పడ్డాకో, కంటిచూపు మసకబారాకో గానీ తెలియదు. కళ్ళు, కిడ్నీలు, పాదాలు ఏటా చూపించుకోండి.

సలహాల గ్రూపులో ఉన్నవారు కూడా అవే లక్ష్యాలు పెట్టుకోవచ్చు: 7 శాతం బరువు, వారానికి 150 నిమిషాలు. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. నాగేశ్వరరావు పార్కులోనో, మెరీనాలోనో ఎండెక్కక ముందు ఒక చుట్టు వేయండి. కుదరకపోతే మిద్దె మీద నడిచినా లెక్కే. అన్నం మానేయనక్కర్లేదు. రెండోసారి వడ్డించుకునే అన్నం బదులు కూరో, పప్పో, గుగ్గిళ్ళో పెట్టుకోండి. మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు ఉన్నవారు నడక పెంచే ముందు డాక్టరును అడగండి.

మీ అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, పెద్దపిల్లలు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది, ఎందుకంటే ఈ ముప్పు కుటుంబాల్లో నడుస్తుంది.

ఈ అధ్యయనాన్ని చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీ కలిసి చేశాయి. డబ్బు అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ వారి బ్రిడ్జెస్ పథకం నుంచి వచ్చింది. ఆ పథకానికి లిల్లీ మందుల కంపెనీ విరాళం ఇచ్చింది. డబ్బు ఎక్కడిదో తెలుసుకునే హక్కు మీకుంది కాబట్టి ఇది కూడా రాస్తున్నాం. మీ పాత రిపోర్టులు కావాలన్నా, ఇందులో ఏదైనా అర్థం కాకపోయినా, మీరు సంతకం చేసిన సమ్మతి పత్రం మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయండి. తెలుగులోనే అడగవచ్చు.