విషయం: తుపాను దృష్ట్యా బుధ, గురు, శుక్రవారాలు ఇంటి నుంచి పని – మీ అనుమతి కోసం

నమస్కారం సార్,

బుధవారం (18వ తేదీ) రాత్రి తుపాను నెల్లూరు దగ్గర తీరం దాటొచ్చని ఈ సాయంత్రం వాతావరణ కేంద్రం చెప్పింది. మన జిల్లాకు బుధవారం ఆరెంజ్ అలర్ట్, గురువారం రెడ్ అలర్ట్ ఇచ్చారు. బుధవారం నుంచి శుక్రవారం దాకా మన ఐదుగురం ఇంటి నుంచే పని చేసేందుకు అనుమతి ఇవ్వమని అడుగుతున్నాను. 20వ తేదీ జీఎస్టీ 3బీ రిటర్న్‌లకు ఆఖరు రోజని తెలుసు. అందుకే ఇది ఇప్పుడే రాస్తున్నాను.

తుపాను సముద్రం దగ్గర కదా, కడపకు ఏమవుతుందిలే అని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. మనకు గాలితో పెద్ద భయం లేదు సార్, నీళ్లతోనే. అది కూడా తీరం దాటాక వస్తాయి. 2021 నవంబర్ 19న తెల్లవారుజామున తీరం దాటింది తుపాను కూడా కాదు, వాయుగుండమే. ఆ ఉదయమే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. నందలూరు, రాజంపేట వైపు ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకున్నాయి, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. మన గంగాధర్ రోజూ వచ్చేది ఆ దారిలోనే. పొద్దున ఎలాగోలా వచ్చినా సాయంత్రం ఇంటికి చేరతాడన్న నమ్మకం లేదు.

అంతకు ముందు సంవత్సరం, 2020 నవంబర్‌లో నివర్ వచ్చినప్పుడు బుగ్గవంక నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. ఊళ్లో వాన తెరిపిచ్చింది కదా అని మేం నిద్రపోయాం. తెల్లారుజామున కాలు కింద పెడితే చల్లగా తగిలింది. మంచం కోళ్లు సగం మునిగి ఉన్నాయి, బియ్యం మూట అడుగు తడిసిపోయింది. అమ్మను భుజం పట్టుకుని పక్కింటి మిద్దె మీదికి ఎక్కించాను. పైన కొండల్లో కురిసిన వాన అది. వంకలో నీళ్లు పెరిగేటప్పుడు మన నెత్తి మీద చినుకు పడుతుండాలని ఏమీ లేదు. షాహీనా ఇల్లు కూడా వంకకు దగ్గరే, ఇంట్లో చంటిబిడ్డ ఉంది. ఆఫీసులో కూర్చున్నా ఆ అమ్మాయి ధ్యాసంతా ఇంటి మీదే ఉంటుంది.

ఇక పని సంగతి. ఈ నెల 64 రిటర్న్‌లలో 41 అయిపోయాయి. మిగిలిన 23లో 15 సిద్ధంగా ఉన్నాయి, సంతకం కావాల్సిన రెండు తప్ప మిగతావాటికి పార్టీలు ఓటీపీ చెబితే చాలు. వాటిని రేపు సాయంత్రానికే ఫైల్ చేసేద్దాం. కరెంటు పోయి వాళ్ల ఫోన్లు ఆగిపోతే ఓటీపీ కోసం ఎక్కడ తిరుగుతాం? రేపు పొద్దున్నే అందరికీ నేనే ఫోన్ చేసి ఫోన్ దగ్గర పెట్టుకోమని చెబుతాను. చివరి ఎనిమిదీ కొనుగోలు బిల్లులు టూబీతో సరిపోలక ఆగినవి. ఆ బిల్లుల కవర్లను రేపు మధ్యాహ్నంలోగా స్కాన్ చేయిస్తే, ఇంట్లో కూర్చుని సరిచూసుకోవచ్చు. వాటిని కూడా బుధవారం సాయంత్రానికే ముగించాలని నా ప్రయత్నం. గురువారం నెట్ ఉంటుందని నేను మాట ఇవ్వలేను.

ఆఫీసు కంప్యూటర్‌కు ఇంటి నుంచి కనెక్ట్ అయ్యే పద్ధతి ఈసారి పనికిరాదు సార్. ఇక్కడ కరెంటు పోతే అందరి పనీ ఆగుతుంది. రేపు సాయంత్రం టాలీ డేటా రెండు హార్డ్ డిస్క్‌లలోకి బ్యాకప్ తీస్తాను. ఒకటి మీ దగ్గర, ఒకటి నా దగ్గర ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లు మూడూ గంగాధర్, షాహీనా, రమేశ్ తీసుకెళ్తారు. నాకు, సునీతకు సొంతవి ఉన్నాయి. ఒక పార్టీ ఫైలు ఒక్కరి దగ్గరే ఉండేలా పంచుతాను, లేకపోతే ఎవరు ఎక్కడ ఎంట్రీ వేశారో తర్వాత కలపలేం. డిజిటల్ సంతకాల టోకెన్లు మాత్రం మీ దగ్గరే ఉంచండి. సంతకం కావాల్సిన కంపెనీల రిటర్న్‌లు రెండూ రేపే మీ ముందు పెడతాను.

మనది కింది అంతస్తు కాబట్టి సీపీయూలు, యూపీఎస్‌లు బల్లల మీదికి, అడుగు అరలోని పాత ఫైళ్లు పై అరలోకి ఎక్కించాలి. రమేశ్, నేను రేపు ఉండి ఆ పని చేసి వెళ్తాం. షట్టర్ మీద నా నంబర్ రాసి అతికిస్తాను, బిల్లులతో వచ్చినవాళ్లు తిరిగిపోకుండా ఉంటారు. రోజూ పది గంటలకు, నాలుగు గంటలకు ఎవరి పని ఎంత అయిందో మీకు వాట్సాప్‌లో పెడతాను.

తుపాను దారి మారి, గురువారం అలర్ట్ తీసేస్తే శుక్రవారం ఉదయం అందరం ఆఫీసులోనే ఉంటాం. కానీ బుధవారం పొద్దున ఆకాశం చూసి నిర్ణయం తీసుకుందామని మాత్రం అనొద్దు సార్. అప్పటికి గంగాధర్ బస్సెక్కేసి ఉంటాడు.

రేపు పదకొండు లోపు మీరు సరేనంటే స్కానింగ్, బ్యాకప్ వెంటనే మొదలుపెడతాం. మీరు కూడా బుధవారం ప్రొద్దుటూరు ప్రయాణం వాయిదా వేసుకోండి, దయచేసి.

ఇట్లు,
సుభాషిణి
సీనియర్ అకౌంటెంట్, కడప