మాక్ డ్రిల్ నోటీసు: ఏప్రిల్ 19, ఆదివారం, ఉదయం 7 గంటలు

బరంపురం, ఏప్రిల్ 12, 2026
ఎ, బి బ్లాకుల్లో ఉంటున్న వారందరికీ (ఒడియా ప్రతి పక్కనే అంటించాం)

అగ్నిమాపక వారోత్సవాల్లో భాగంగా వచ్చే ఆదివారం మన రెండు బ్లాకుల్లోనూ మాక్ డ్రిల్ ఉంటుంది. ఎండ ముదరకముందే ముగించాలని 7 గంటలకు పెట్టాం. అరగంటకు మించదు. వాన పడితే 26వ తేదీ ఆదివారం, అదే వేళకు.

7 గంటలకు బెల్ ఆగకుండా రెండు నిమిషాలు మోగుతుంది. దానికి ముందే వాచ్‌మన్ లిఫ్ట్ ఆపేస్తాడు, కాబట్టి మెట్లే దారి. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి, తలుపు దగ్గరగా వేసి, తాళం పెట్టకుండా దిగండి. పోయినసారి పొయ్యి మీద పాలు పొంగుతాయని ముగ్గురు మధ్యలో వెనక్కి వెళ్లారు. ఈసారి స్టవ్ ముట్టించకుండా ఉంటే సరిపోతుంది. చెప్పులు, ఫోను చాలు, సంచులు వద్దు. గోడ వారగా ఒకరి వెనుక ఒకరు దిగాలి.

ఎ బ్లాకు వారు రోడ్డవతల వేపచెట్టు కింద, బి బ్లాకు వారు వెనుక గేటు దాటాక వాటర్ ట్యాంకు పక్క ఖాళీ స్థలంలో చేరాలి. స్కూటర్ల షెడ్డులో నిలబడకూడదు. నిజంగా ఏదైనా జరిగితే ఫైర్ ఇంజిన్ వచ్చేది ఆ దారినే.

ఫ్లోర్ వార్డెన్లు అంతస్తుకు ఒకరు. ఎ బ్లాకులో 102, 204, 301, 403, 502 ఫ్లాట్ల వారు. బి బ్లాకులో 101, 203, 304, 402, 501 వారు. బెల్ మోగగానే పచ్చ జాకెట్టు వేసుకుని తమ అంతస్తులో ప్రతి తలుపూ తట్టాలి, ఖాళీ అయిన ఇంటి తలుపు మీద సుద్దముక్కతో గీత గీయాలి, చివరగా తామే దిగాలి. నడవలేని పెద్దవారి, బాలింతల పేర్లు వార్డెన్ దగ్గర ఉంటాయి. మీ ఇంట్లో అలాంటివారుంటే శుక్రవారం లోపు చెప్పండి, తోడు ఇద్దరు కుర్రాళ్లను కేటాయిస్తాం. మోకాళ్ల నొప్పులని చెప్పడానికి మొహమాటపడకండి.

కింద చేరాక వార్డెన్ తల లెక్క తీసి, బ్లాకు పెద్దకు చెప్పాలి. ఈ లెక్క కుదిరేదాకా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. పోయినసారి ఒకరు అందరికన్నా ముందే దిగి టిఫిన్ సెంటర్‌కు వెళ్లిపోతే, ఆయన కోసం మూడో అంతస్తు అంతా వెతికాం. ఊళ్లో లేని ఇళ్లవారు ముందుగా వార్డెన్‌కు తెలపండి.

తల లెక్క అయ్యాక ఫైర్ సిలిండర్ వాడకం చూపిస్తాం: పిన్ను లాగడం, గొట్టం మంట మొదలుకు గురిపెట్టడం, మీట నొక్కడం, అటూ ఇటూ ఊపడం. వార్డెన్లందరూ ఒక్కసారైనా చేతపట్టి చూడాలి.

ఫైర్ స్టేషన్‌కు ముందే తెలియజేశాం. ఆ రోజు బెల్ విని ఎవరూ 101కి, 112కి ఫోన్ చేయవద్దు. పొగ నిజంగా కనిపిస్తే మాత్రం డ్రిల్ అనుకుని ఊరుకోకుండా వెంటనే చేయండి.

వార్డెన్లు శనివారం సాయంత్రం 6 గంటలకు ఎ బ్లాకు మెట్ల దగ్గర కలవాలి. జాకెట్లు, సుద్దముక్కలు, పేర్ల జాబితా అక్కడే ఇస్తాం.

కార్యదర్శి, నివాసుల సంఘం