మూడో డ్రాఫ్టుతో జతచేసిన లేఖ

డైరెక్టర్ గారికి నమస్కారం.

మూడో డ్రాఫ్టు పంపుతున్నాను. సీన్ల నంబర్లు మారాయి కాబట్టి ముందు ఈ నాలుగు ముక్కలు చదవండి. 74 సీన్లు 61 అయ్యాయి. అయితే నిడివి కోసం చేసిన పని కాదిది.

రెండో డ్రాఫ్టులో సుంకన్నకు రాయి 38వ సీనులో, ఇంటర్వెల్ ముందు దొరికేది. అప్పటిదాకా ప్రేక్షకుడు దొరుకుతుందా లేదా అనే చూస్తాడు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాలకు వెతుకుతారని కర్నూలులో ఎవరినడిగినా చెబుతారు. రాయి దొరకడంలో ఆశ్చర్యం లేదు. దొరికాక ఆ ఇంట్లో ఎవరు ఎవరిని నమ్ముతారన్నదే మన కథ. అందుకే ఇప్పుడు 11వ సీనులోనే దొరుకుతుంది.

పాత 5 (పత్తికొండ టమాటా మార్కెట్), పాత 8 (విత్తనాల వ్యాపారి ఇంటికొచ్చి బాకీ అడగడం) కలిసి కొత్త 4 అయ్యాయి. వ్యాపారి ఇప్పుడు మార్కెట్లోనే, సుంకన్న బుట్టల పక్కనే నిలబడి ఉంటాడు. వేలంలో ధర పడిపోతున్నకొద్దీ సుంకన్న ఆయన వైపు చూడటం మానేస్తాడు. బాకీ ఎంతో ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన పని కూడా లేదు. గుమ్మంలో గొడవ డైలాగులు పోయాయి. అవి బాగున్నాయని మీరన్నారు, నాకూ ఇష్టమే, కానీ ఈ మౌనం ముందు నిలవవు.

పెద్ద మార్పు ఇంటర్వెల్‌ది. పాత 40, 43, 47లో దళారులు ముగ్గురూ వేర్వేరుగా వచ్చి బేరమాడేవారు. మూడుసార్లూ జరిగేది ఒకటే, అంకె ఒక్కటే మారేది. కొత్త 29లో ముగ్గురూ ఒకే రాత్రి వస్తారు. ఒకరు లోపల భూతద్దంతో రాయి చూస్తుంటే మిగతా ఇద్దరు అరుగు మీద కూర్చుంటారు. ఈరమ్మ వాళ్లకు నీళ్లిస్తూ అరుగు మీది మాటలు విని లోపలికొస్తుంది. విన్నది భర్తకు చెప్పదు. ఇంటర్వెల్ అక్కడ. పాత 43లో ఆమె అన్న "రాయి నీకు దొరకలేదు, మనకు దొరికింది" అనే మాటను మాత్రం 33కు మార్చాను. దాన్ని వదలుకోలేను.

పొలం యజమాని వెతికేవాళ్లను తరిమే రెండు సీన్లూ ఒకటయ్యాయి (కొత్త 9). వేరుశనగ విత్తిన చాళ్లు తొక్కుతున్నారన్న ఆయన కోపం న్యాయమైనది. ఆయన్ను విలన్‌గా తీయవద్దని నా మనవి. తండ్రి ఫ్లాష్‌బ్యాక్ పూర్తిగా తీసేశాను.

షూటింగ్‌కూ ఇది కలిసొస్తుంది. తడిసిన నేల కావలసిన సీన్లన్నీ ఇప్పుడు మొదటి 11లోనే ఉన్నాయి. జూన్‌లో వాన పడగానే వాటిని వరుసగా తీసేయవచ్చు.

నాకింకా తేలనిది ఒక్కటే. పాత 52లో కొడుకు రాత్రివేళ ఒంటరిగా పొలానికి వెళతాడు. దాన్ని కొత్త 44లో కలిపాను, కానీ అందులో సుంకన్న కూడా ఉండటంతో పిల్లవాడి భయం పలచబడిందేమో అనిపిస్తోంది. పాత సీను చివరి పేజీలుగా జతచేశాను. రెండూ చదివి ఏది ఉంచాలో చెప్పండి. దాన్నిబట్టి 45, 46 సరిచేసి పంపుతాను.

మీ రచయిత,
కర్నూలు