డాక్యుమెంటేషన్ మేనేజర్ ఉద్యోగం గురించి నా జవాబు

గోపాలపట్నం, విశాఖపట్నం
18 నవంబర్ 2025

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,

నమస్కారం మేడమ్. మీరు పంపిన ఆఫర్ లెటర్ అందింది. ఈ నెల 22లోగా చెప్పమన్నారు. చివరి రోజు దాకా మిమ్మల్ని ఎదురుచూసేలా చేయడం ఇష్టం లేక ఇవాళే రాస్తున్నాను. ఈ ఉద్యోగంలో ఇప్పుడు చేరలేకపోతున్నాను. దయచేసి క్షమించండి.

జీతం తక్కువని కాదు. మీరు ఇస్తానన్నది నేను అడిగినదానికంటే ఎక్కువే. ఇబ్బంది ఇంటి దగ్గర ఉంది. మా అబ్బాయి పదో తరగతి, మార్చిలో పబ్లిక్ పరీక్షలు. వాళ్ల నాన్నగారు ఓడ మీద డ్యూటీలో ఉన్నారు, మే దాకా ఇంటికి రారు. ఈ ఉద్యోగంలోనేమో నెలకు పది రోజులు కృష్ణపట్నం వెళ్లాలి. ఇక్కడున్నా, ఓడ కటాఫ్ ఉన్న రాత్రి షిప్పింగ్ బిల్లు క్లియర్ అయ్యేదాకా సీటు వదలడం కుదరదు. పదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. చేరి, నాలుగు నెలల పాటు రోజూ పర్మిషన్లు అడుగుతూ కూర్చుంటే మీకూ కష్టమే, నాకూ చిన్నతనమే.

ఇంటర్వ్యూ గురించి ఒక మాట చెప్పాలి. రీఫర్ కంటైనర్‌లో వెళ్తున్న రొయ్యల బరువు ప్యాకింగ్ లిస్టులో ఒకలా, ఇన్‌వాయిస్‌లో ఒకలా ఉంటే ముందు ఎవరికి ఫోన్ చేస్తావని ఆపరేషన్స్ సార్ అడిగారు. నేను తడుముకోకుండా కస్టమ్స్ ఆఫీసుకని చెప్పేశాను. సార్ నవ్వి, "ముందు ఎక్స్‌పోర్టర్‌కి చెయ్యమ్మా, ఏ కాగితం తప్పో అతనికే తెలుస్తుంది" అన్నారు. తప్పు చెప్పినదాన్ని చిన్నబుచ్చకుండా, టీ తెప్పించి మరీ అర్ధగంట కూర్చోబెట్టి నేర్పించారు. ఇంటర్వ్యూకి వెళ్లి పాఠం నేర్చుకుని రావడం నాకదే మొదటిసారి. ఆ మర్నాడే మా ఆఫీసులో అది పనికొచ్చింది కూడా! సార్‌కి నా నమస్కారాలు చెప్పండి.

ఈ సీటు నా కోసం ఖాళీగా ఉంచమని అడగడం లేదు. మీకు మనిషి అవసరం, వెంటనే తీసుకోండి. మే తర్వాత మాత్రం రాత్రి పనికైనా, కృష్ణపట్నానికైనా నాకు అడ్డు లేదు. అప్పుడు మీ దగ్గర ఏదైనా పోస్టు ఉంటే, ఇంతకంటే చిన్నదైనా సరే, ఒక్క ఫోన్ చేయండి. నా నంబర్ మీ దగ్గర ఉన్నదే. జూన్‌లో నేనే ఒకసారి మీకు మెయిల్ పెడతాను, ఏమీ అనుకోకండి.

నా సర్టిఫికెట్ల జిరాక్స్‌లు మీ ఫైల్లోనే ఉంచండి.

ఇట్లు,
శ్రావణి